సెక్యూరిటీ చెక్‌లో ఏం జరుగుతుంది: శంషాబాద్ నుంచి తొలిసారి విమానం ఎక్కేవారికి సమగ్ర మార్గదర్శి

విమానాశ్రయంలో కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది సెక్యూరిటీ చెక్ దగ్గర. అక్కడ వచ్చే ఇబ్బందులు చాలావరకు ముందురోజు రాత్రి ఇంట్లో బ్యాగు సర్దినప్పుడే మొదలవుతాయి. అందుకే ఈ మార్గదర్శి కూడా సర్దుడు దగ్గరే మొదలవుతుంది.

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని తీసుకుందాం. సూర్యాపేట నుంచి భార్యాభర్తలు, అయిదేళ్ల పాప, మోకాలి మార్పిడి ఆపరేషన్ అయిన నానమ్మ కలిసి ఢిల్లీలో ఉన్న ఆమె ఇంకో కొడుకు ఇంటికి వెళ్తున్నారు. శంషాబాద్ నుంచి సాయంత్రం 6:10కి విమానం. వెంట సున్నుండల డబ్బా, ఆవకాయ, నెయ్యి, కొడుకు పూజగదికి ఇత్తడి విగ్రహం, ఒక ల్యాప్‌టాప్, రెండు పవర్ బ్యాంకులు, నానమ్మ మందులు ఉన్నాయి. మన ఇళ్లలోంచి బయల్దేరే సామాను దాదాపు ఇలాగే ఉంటుంది.

ఎక్స్‌రే తెర మీద మీ బ్యాగు ఎలా కనిపిస్తుంది

మన దేశంలో పెద్ద విమానాశ్రయాల్లో తనిఖీ చేసేది సీఐఎస్ఎఫ్, అంటే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం. ఏది తీసుకెళ్లవచ్చో, ఏది కూడదో నిర్ణయించేది పౌర విమానయాన భద్రతా విభాగమైన బీసీఏఎస్. తెర ముందు కూర్చున్న ఉద్యోగికి ఒక్కో బ్యాగును చూడటానికి దొరికేది కొన్ని సెకన్లే. ఆ కొద్ది సమయంలో ఆయన చూసేది ముఖ్యంగా రంగు, ఆకారం.

ఎక్స్‌రే యంత్రం వస్తువులను అవి దేనితో తయారయ్యాయన్నదాన్ని బట్టి రంగుల్లో చూపిస్తుంది. తిండి పదార్థాలు, బట్టలు, కాగితాలు, సబ్బు లాంటివి నారింజ రంగులో కనిపిస్తాయి. ఇనుము, ఉక్కు లాంటి లోహాలు నీలంగా, మధ్యరకం పదార్థాలు ఆకుపచ్చగా కనిపిస్తాయి. కిరణాలు చొచ్చుకుపోలేనంత దట్టమైన వస్తువైతే ఆ చోట నల్లటి మచ్చ మాత్రమే ఉంటుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. పేలుడు పదార్థాలు కూడా ఎక్కువగా నారింజ రంగు వర్గంలోకే వస్తాయి. గట్టిగా కూరిన సున్నుండల డబ్బా తెర మీద దట్టమైన నారింజ ముద్దలా ఉంటుంది. బెల్లం అచ్చు కూడా అంతే. దాని మీద చార్జర్ తీగల చుట్ట, పక్కనే పవర్ బ్యాంకు ఉంటే ఆ బొమ్మ సరిగ్గా ఆ ఉద్యోగికి శిక్షణలో వెతకమని నేర్పిన బొమ్మలాగే కనిపిస్తుంది. అప్పుడు బ్యాగు తెరిచి చూడటం ఆయన విధి. ఇత్తడి విగ్రహం, కట్టగా కట్టిన చిల్లర నాణేలు నల్లటి మచ్చగా పడతాయి కాబట్టి వాటి వెనక ఏముందో కనిపించదు. అప్పుడూ బ్యాగు తెరవక తప్పదు.

కాబట్టి సర్దేటప్పుడు రెండు జాగ్రత్తలు చాలు. దట్టమైన వస్తువులను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పక్కపక్కన పెట్టండి. తీగలు, చార్జర్లు, బ్యాటరీలను ఒకే చిన్న సంచిలో వేసి, తిండి డబ్బాలకు దూరంగా బ్యాగు పై భాగంలో ఉంచండి. ఉద్యోగి అడిగినా క్షణంలో తీసి చూపించవచ్చు.

ముందురోజు రాత్రి: ఏది ఏ బ్యాగులో

విమానంలో సామాను రెండు రకాలు. కౌంటర్‌లో అప్పగించేది చెక్-ఇన్ సామాను, వెంట తీసుకెళ్లేది చేతి బ్యాగు. చేతి బ్యాగు సాధారణంగా మనిషికి ఒకటి, 7 కిలోల వరకు. సెక్యూరిటీ చెక్‌లో మీ కళ్లముందే తనిఖీ జరిగేది దీనికే. అయితే చెక్-ఇన్ సామానుకు తనిఖీ ఉండదనుకోకండి. అది కూడా ఎక్స్‌రేలోంచే వెళ్తుంది. చాలాచోట్ల మీకు కనిపించకుండా లోపల జరుగుతుంది. కొన్ని చిన్న విమానాశ్రయాల్లో కౌంటర్‌కు వెళ్లకముందే మీరే యంత్రంలో పెట్టాలి.

ముందు పవర్ బ్యాంకుల సంగతి. కొత్త ప్రయాణికులు ఎక్కువగా పొరపాటు పడేది వీటి దగ్గరే. పవర్ బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు ఎప్పుడూ చేతి బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్‌లో పెట్టకూడదు. లిథియం బ్యాటరీ లోపలే షార్టై వేడెక్కితే మంట అంటుకుంటుంది. క్యాబిన్‌లో అయితే సిబ్బంది వెంటనే చూసి ఆర్పగలరు. సామాను అరలో అంటుకుంటే అక్కడికి చేరేవాళ్లెవరూ ఉండరు. చెక్-ఇన్ సామానులో పవర్ బ్యాంకు కనిపిస్తే మైకులో మీ పేరు పిలుస్తారు. మీరు వెళ్లి బ్యాగు తెరిచి దాన్ని తీసేదాకా ఆ బ్యాగు విమానం ఎక్కదు. సెక్యూరిటీ దాటి గేటు దగ్గర కూర్చున్నాక ఆ పిలుపు వస్తే బాగా సమయం పోతుంది.

సామర్థ్యానికీ పరిమితి ఉంది. దాన్ని వాట్-అవర్లలో, అంటే Whలో లెక్కిస్తారు. 100 Wh వరకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. 100 నుంచి 160 Wh మధ్య ఉంటే విమాన సంస్థ అనుమతి కావాలి, అంతకు మించితే కుదరదు. కొన్ని పవర్ బ్యాంకుల మీద Wh రాసి ఉండదు, mAh మాత్రమే ఉంటుంది. లెక్క తేలికే, 3.7 అనేది లోపలి లిథియం బ్యాటరీ వోల్టేజీ:

```
Wh = mAh × 3.7 ÷ 1000
20000 × 3.7 ÷ 1000 = 74
30000 × 3.7 ÷ 1000 = 111
```

మన కుటుంబం దగ్గర ఒకటి 20000, ఇంకొకటి 30000 అనుకుందాం. మొదటిదానికి ఇబ్బంది లేదు. రెండోది ముందుగా అనుమతి తీసుకోకపోతే అక్కడే వదిలేయాల్సి వస్తుంది, కాబట్టి ఇంట్లో పెట్టి వెళ్లడమే తెలివైన పని. అంకెలు చెరిగిపోయిన పాత పవర్ బ్యాంకునూ ఆపవచ్చు. సామర్థ్యం ఎంతో చూపించే ఆధారం మీ దగ్గర లేదు కదా.

ఆవకాయ విషయంలో మనవాళ్లకు బాధ కలిగినా నిబంధన నిబంధనే. కారంతో పెట్టిన పచ్చళ్లను చేతి బ్యాగులో అనుమతించరు. కారప్పొడి, కందిపొడి లాంటి పొడులనూ ఆపుతారు. కళ్లలో చల్లితే మనిషిని నిస్సహాయుణ్ని చేసే పదార్థాన్ని క్యాబిన్‌లోకి పోనివ్వరు. ఇవన్నీ చెక్-ఇన్ సామానులో హాయిగా వెళ్తాయి. పచ్చడిని బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో నిండుగా కాకుండా కాస్త ఖాళీ వదిలి పెట్టండి. మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో చుట్టి బట్టల మధ్య ఉంచండి. పైకి వెళ్లాక గాలి ఒత్తిడి తగ్గి డబ్బాలోని గాలి బయటికి తోస్తుంది. అంచుదాకా నింపితే నూనె కారేది అందుకే. నెయ్యి, నూనె సీసాలకూ ఇదే పద్ధతి.

సున్నుండలు, అరిసెలు, జంతికలు చేతి బ్యాగులో తీసుకెళ్లవచ్చు. డబ్బా విడిగా తీయడానికి వీలుగా పెట్టుకుంటే చాలు. ఇత్తడి విగ్రహాన్ని చెక్-ఇన్‌లో వేయండి. బరువైన లోహపు వస్తువు కాబట్టి చేతి బ్యాగులో ఉంటే తెరిపించడమే కాదు, ఒక్కోసారి తిప్పి పంపుతారు కూడా.

కొబ్బరి గురించి విడిగా చెప్పాలి. ఎండు కొబ్బరిని విమానంలో ప్రమాదకర వస్తువుల కింద లెక్కిస్తారు. అందులో నూనె ఎక్కువ, దానంతట అదే వేడెక్కి అంటుకునే గుణం ఉంది. కాబట్టి చేతి బ్యాగులోనూ వద్దు, చెక్-ఇన్‌లోనూ వద్దు. కొబ్బరికాయను కూడా మామూలుగా క్యాబిన్‌లోకి రానివ్వరు. 2022 నవంబరులో బీసీఏఎస్ శబరిమల వెళ్లే అయ్యప్ప భక్తులకు ఇరుముడిలోని కొబ్బరికాయ తీసుకెళ్లేందుకు ఆ సీజన్ వరకు సడలింపు ఇచ్చింది. ఆ తర్వాతి సీజన్లలోనూ ఇచ్చింది. అది ఎప్పటికీ ఉండే అనుమతి కాదు, కాబట్టి మాల వేసుకున్నవాళ్లు ఏ ఏటికి ఆ ఏడు కనుక్కోవాలి.

అగ్గిపెట్టె, లైటరు ఏ బ్యాగులోనూ వద్దు. పూజ సామానుతో పాటు అగ్గిపెట్టె పొరపాటున వచ్చేస్తుంది, చూసుకోండి. కత్తి, కత్తెర, బ్లేడు, స్క్రూడ్రైవర్ చెక్-ఇన్‌లోకే. కుట్టుపని డబ్బాలో, పాప స్కూలు బాక్సులో కత్తెర ఉందేమో వెతకండి. పదిసార్లు వాడిన చేతిసంచినే విమానానికీ తీసుకెళ్తే దాని మూలలో పండ్లు కోసే చాకు దొరకడం మామూలే.

మందులు చేతి బ్యాగులో, వాటి అసలు స్ట్రిప్పులతో, డాక్టరు చీటీతో ఉండాలి. ఇన్సులిన్ సూదులకు చీటీ తప్పనిసరి అనుకోండి. పసిపిల్లల పాలు, ఆహారం ప్రయాణానికి సరిపడా తీసుకెళ్లవచ్చు.

విదేశాలకు వెళ్లేవారికి ద్రవాల నిబంధన కఠినం. ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లకు మించకూడదు. అన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శకమైన, మూయగలిగే కవర్లో ఉండాలి. చూసేది సీసా సైజునే, లోపలున్న పరిమాణాన్ని కాదు. 200 మిల్లీలీటర్ల షాంపూ సీసాలో అడుగున కొంచెమే మిగిలి ఉన్నా పక్కన పెట్టేస్తారు. దేశీయ విమానాల్లో మంచినీళ్ల సీసాకు సాధారణంగా అభ్యంతరం ఉండదు, ఒక్కోసారి ఒక గుక్క తాగి చూపించమంటారు. ఖాళీ సీసా తీసుకెళ్లి లోపల నింపుకుంటే ఆ గొడవా ఉండదు.

ద్వారం నుంచి సెక్యూరిటీ వరుస దాకా

6:10 విమానానికి సమయాన్ని వెనక్కి లెక్కేసుకోండి. దేశీయ విమానాల బోర్డింగ్ గేటు సాధారణంగా 25 నిమిషాల ముందు మూస్తారు, అంటే 5:45కి. సామాను అప్పగించే కౌంటర్ 60 నిమిషాల ముందు మూసే సంస్థలున్నాయి, అంటే 5:10కి. కాబట్టి 4 గంటలకల్లా టెర్మినల్ ద్వారం దగ్గర ఉండాలి. పండగ ముందు రోజుల్లో ఇంకో అరగంట ముందే రండి.

ద్వారం దగ్గర సీఐఎస్ఎఫ్ జవాను టికెట్టు, గుర్తింపు కార్డు చూస్తారు. ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు లాంటివి ఏవైనా సరే, అసలు కార్డే ఉండాలి. జిరాక్సు, ఫోన్లో తీసిన ఫొటో చెల్లవు. ఆధార్ అధికారిక యాప్‌లో చూపిస్తే ఒప్పుకుంటారు. టికెట్టు మీది పేరు, కార్డు మీది పేరు ఒకేలా ఉండాలి. మన దగ్గర ఇంటిపేరు ముందూ వెనకా మారిపోతుంటుంది కాబట్టి, టికెట్టు కొనేటప్పుడే కార్డు పక్కన పెట్టుకుని రాయండి.

డిజియాత్ర యాప్ గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. అందులో ఆధార్‌తో నమోదై బోర్డింగ్ పాస్ జతచేస్తే, ద్వారం దగ్గరా సెక్యూరిటీ వరుస మొదట్లోనూ మీ ముఖం చూసి గేటు తెరుచుకుంటుంది. అంతవరకే. బ్యాగు ఎక్స్‌రే, మనిషి తనిఖీ అందరికీ ఒకటే. నమోదు ఇష్టమైతేనే చేసుకోవచ్చు. మన నానమ్మ లాంటివాళ్లు మామూలు వరుసలో వెళ్తే సరిపోతుంది.

ట్రే దగ్గర రెండు నిమిషాలు

సామాను అప్పగించి, బోర్డింగ్ పాస్ తీసుకుని సెక్యూరిటీ వరుసలో నిలబడ్డారు. ట్రే దొరికాక జేబులు తడుముకోవడం మొదలుపెడితే వెనక వరుస మొత్తం ఆగిపోతుంది, మీకూ కంగారు పుడుతుంది. వరుసలో ఉండగానే జేబుల్లోని పర్సు, తాళాలు, చిల్లర, ఇయర్‌ఫోన్లు అన్నీ తీసి చేతి బ్యాగులో ఒకే అరలో వేసి జిప్ మూసేయండి. వాచీ, నడుము బెల్టు కూడా అందులోకే. విడిగా ట్రేలో పడేసిన చిన్న వస్తువులే ఎక్కువగా పోతాయి.

ట్రే చేతికొచ్చాక ల్యాప్‌టాప్‌ను బ్యాగులోంచి తీసి ఒక ట్రేలో ఒంటరిగా పరచండి. దాని మీద ఏమీ పెట్టకండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ, లోపలి పలకలు దట్టంగా ఉండి కింద ఉన్నదాన్ని కప్పేస్తాయి, తీయమనేది అందుకే. ట్యాబ్, ఫోను, పవర్ బ్యాంకు, చార్జర్ల సంచి ఇంకో ట్రేలో పరచండి. బ్యాగు మూడో ట్రేలో. స్వెటరు, కోటు వేసుకుని ఉంటే అవీ తీయాలి. వస్తువులను అన్ని వైపుల నుంచీ త్రీడీలో చూపించే కొత్త యంత్రాలున్నచోట ల్యాప్‌టాప్ తీయనక్కర్లేదంటారు. అక్కడి జవాను చెప్పినట్టు చేయండి, పక్క వరుసలో వేరేలా చేస్తున్నారని వాదించకండి, యంత్రం వేరై ఉండొచ్చు.

చెప్పులు, మామూలు బూట్లు మన దేశంలో చాలావరకు తీయించరు. మందపాటి బూట్లయితే అడగవచ్చు. మంగళసూత్రం, గాజులు, మెట్టెలు తీయనక్కర్లేదు. వడ్డాణం లాంటి బరువైనవి మాత్రం ప్రయాణంలో వేసుకోకపోవడమే మేలు.

ట్రే యంత్రంలోకి వెళ్లడం కళ్లారా చూశాకే మీరు ముందుకు కదలండి. ట్రేను రోలర్ల మీద వదిలేసి వెళ్లిపోతే అది మధ్యలో ఆగిపోయి, మీరు అవతల ఎదురుచూస్తూ ఉండిపోతారు. కాగితం బోర్డింగ్ పాస్ మాత్రం చేతిలోనే ఉంచుకోండి.

మనిషి తనిఖీ

లోహాన్ని పట్టే ద్వారబంధంలోంచి మామూలు నడకతో వెళ్లాలి. అది మోగిందని హడలిపోకండి. మన దేశంలో మోగినా మోగకపోయినా తర్వాత ప్రతి ఒక్కరినీ చేతి డిటెక్టర్‌తో చూస్తారు. చిన్న పీట మీద నిలబడి చేతులు రెండు పక్కలకూ చాపాలి, తర్వాత వెనక్కి తిరగమంటారు. జేబులో కాగితం ఉన్నా అడుగుతారు, తీసి చూపిస్తే సరిపోతుంది. కొన్ని విమానాశ్రయాల్లో ఇక్కడ బోర్డింగ్ పాస్ మీద ముద్ర వేస్తారు. ముద్ర వేసే చోట అది లేకుండా వచ్చేస్తే గేటు దగ్గర నుంచి మళ్లీ వెనక్కి పంపుతారు, కాబట్టి ముందున్నవాళ్లకు వేస్తున్నారేమో గమనించండి.

ఆడవాళ్లకు వరుస వేరు. తెర కట్టిన చిన్న గదిలో మహిళా జవానే తనిఖీ చేస్తారు. పాప అమ్మతో వెళ్తుంది. కుటుంబాలు చిక్కులో పడేది ఇక్కడే. అందరి సామానూ ఒకే ఎక్స్‌రేలో వెళ్తుంది కానీ ఆడ, మగ వరుసలు ఒకే వేగంతో కదలవు. ముందే మాట అనుకోండి: ఎవరు ముందు బయటికొస్తే వాళ్లు అవతల ట్రేల దగ్గర నిలబడి, అందరి సామానూ లెక్క చూసుకుని, మిగతావాళ్లు వచ్చేదాకా కదలకూడదు.

నానమ్మ మోకాలిలో లోహం ఉంది కాబట్టి డిటెక్టర్ అక్కడ తప్పక మోగుతుంది. మోగకముందే “ఆపరేషన్ అయింది, లోపల లోహం ఉంది” అని చెప్పి మోకాలు చూపిస్తే చాలు, చేత్తో తడిమి చూసి పంపిస్తారు. డిశ్చార్జి కాగితం జిరాక్సు ఒకటి ఉంటే మాట నిలబడుతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ద్వారబంధం దాకా వెళ్లకముందే చెప్పాలి, వాళ్లను చేత్తో తనిఖీ చేస్తారు. చక్రాల కుర్చీ కావాలంటే టికెట్టు కొనేటప్పుడే విమాన సంస్థకు చెప్పుకోండి. అప్పుడు సంస్థ మనిషి వెంట ఉండి ఈ తతంగమంతా నడిపిస్తారు.

బ్యాగు పక్కకు వెళ్లిందంటే

కొత్త యంత్రాల్లో అనుమానం వచ్చిన ట్రే దానంతట అదే పక్క వరుసలోకి మళ్లిపోతుంది. అద్దం అవతల మీ బ్యాగు ఆగి ఉండటం కనిపిస్తుంది. దాన్ని మీరు ముట్టుకోకూడదు. జవాను “ఈ బ్యాగు ఎవరిది?” అని అడిగేదాకా ఆగి, ముందుకెళ్లి “నాదే” అనండి. ఆయన చెప్పినప్పుడు చెప్పిన అర మాత్రమే తెరవండి. సున్నుండల డబ్బా అయితే మూత తీసి చూపించడంతో పని అయిపోతుంది. ఒక్కోసారి చిన్న గుడ్డముక్కతో బ్యాగునూ చేతులనూ తుడిచి ఒక యంత్రంలో పెడతారు. పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టే పరీక్ష అది, కొన్ని సెకన్లలో తేలిపోతుంది. వస్తువు తీశాక బ్యాగును రెండోసారి ఎక్స్‌రేలో పెట్టడం మామూలే.

కూడని వస్తువు దొరికితే మూడు దారులు. సమయం ఉంటే విమాన సంస్థ సిబ్బంది సాయంతో వెనక్కి వెళ్లి చెక్-ఇన్‌లో వేయించుకోవచ్చు. సాగనంపడానికి వచ్చినవాళ్లు ఇంకా బయటే ఉంటే వాళ్లకు అందజేయొచ్చు. రెండూ కుదరకపోతే అక్కడే వదిలేయాలి. ముప్పై రూపాయల కత్తెర కోసం విమానం పోగొట్టుకునేంత పని పెట్టుకోకండి. అయితే సాగనంపడానికి వచ్చినవాళ్లను మీరు సెక్యూరిటీ దాటేదాకా ఆగమనడం మంచిదే.

బాంబు అనే మాట ఇక్కడ సరదాకు కూడా అనకూడదు. “బ్యాగులో బాంబేమైనా ఉందా ఏంటి, ఇన్నిసార్లు చూస్తున్నారు” అన్న విసుగు మాటకే ప్రయాణం ఆగి, పోలీసు కేసయిన వాళ్లున్నారు.

ట్రేలోంచి తీసుకున్నాక

సామాను అందుకున్న చోటే సర్దుకోవడం మొదలుపెట్టకండి. ట్రేలు ఎత్తుకుని కొంచెం అవతలి బల్ల దగ్గరికో కుర్చీల దగ్గరికో వెళ్లి, ఫోను, ల్యాప్‌టాప్, పర్సు, బెల్టు, మందులు అని వరుసగా చూసుకోండి. ఒకే రంగు ల్యాప్‌టాప్‌లు రెండు ట్రేలలో పక్కపక్కనే వస్తే తారుమారు కావడం సులభం. మూత మీద పేరు రాసిన కాగితం అంటించుకుంటే ఆ సందేహం రాదు.

ఏదైనా మరిచిపోయి గేటు దాకా వెళ్లాక గుర్తొస్తే, వెంటనే వెనక్కి వచ్చి అదే వరుస దగ్గరున్న సీఐఎస్ఎఫ్ వాళ్లకు చెప్పండి. ఏ వరుసలో, ఏ సమయానికి వచ్చారో చెబితే త్వరగా దొరుకుతుంది. విమానం ఎక్కేశాక గుర్తొచ్చినా ఆశ వదులుకోనక్కర్లేదు. దొరికిన వస్తువులను విమానాశ్రయంలోని పోయిన వస్తువుల విభాగానికి అప్పగిస్తారు, సీఐఎస్ఎఫ్ తన వెబ్‌సైటులో ఆ జాబితా పెడుతుంది. తీసుకోవడానికి వెళ్లేటప్పుడు బోర్డింగ్ పాస్, గుర్తింపు కార్డు అడుగుతారు కాబట్టి, ఢిల్లీలో దిగగానే బోర్డింగ్ పాస్ చింపి పారేయకండి.